తలుపు జరిగితే బరువు ఎక్కడికి పోతుంది?

మడతబందుల మీద తిరిగే తలుపుకు దాని వెడల్పు మేర నేల ఖాళీగా ఉండాలి. రెండున్నర అడుగుల తలుపు తెరిస్తే గదిలోకి రెండున్నర అడుగులు చొచ్చుకొస్తుంది. ఆ దారిలో మంచం ఉండకూడదు, బీరువా ఉండకూడదు, మనిషి కూడా నిలబడి ఉండకూడదు. చిన్న ఫ్లాట్లలో అంత నేల వదలడం కష్టం కాబట్టి పక్కకు జరిపే తలుపు వైపు మనసు పోతుంది. హార్డ్‌వేర్ షాపులో అడిగితే రెండు రకాల సామాను ముందు పెడతారు. ఒకటి గోడ పైన బయటికి కనబడేలా బిగించే ఇనుప పట్టీ, దాని మీద దొర్లే పెద్ద చక్రాలు. దీన్ని బార్న్ డోర్ సెట్ అంటున్నారు. రెండోది గోడ లోపల దాగిపోయే పెట్టె ఆకారపు ట్రాక్. తలుపు తెరిస్తే గోడ పొట్టలోకి వెళ్లిపోయి కనబడకుండా పోతుంది. ఇది పాకెట్ డోర్.

రెండింట్లోనూ తలుపు పైనుంచే వేలాడుతుంది. కింద నేల మీద బరువు పడదు. అక్కడ ఉండేది తలుపు అటూ ఇటూ ఊగకుండా ఆపే చిన్న గైడ్ మాత్రమే. అందుకే చాలామంది ఈ రెండింటి మధ్య తేడా అందానికి సంబంధించిందే అనుకుంటారు. చక్రాలు కనబడటం ఇష్టమైతే ఒకటి, ఇష్టం లేకపోతే రెండోది అని తేల్చేస్తారు. నిజానికి ఈ విషయం తేల్చాల్సింది గోడ. తలుపు మూసి ఉన్నప్పుడు ఎక్కడుందన్నది పెద్ద సమస్య కాదు. తెరిచినప్పుడు అది ఎక్కడికి పోతుంది, దాని 30, 40 కిలోలను అక్కడ మోసేది ఏమిటి అన్నది ముందు చూడాలి.

ఈ రెండు పద్ధతులూ అమెరికాలో చెక్క చట్రపు ఇళ్ల కోసం స్థిరపడినవి. అక్కడి లోపలి గోడలో 16 అంగుళాలకొక నిలువు చెక్క ఉంటుంది. దానికి రెండు వైపులా అర అంగుళం మందం జిప్సం బోర్డు బిగిస్తారు. మధ్యలో అంతా ఖాళీయే. అలాంటి గోడలో పాకెట్ డోర్ పెట్టడం తేలిక, ఎందుకంటే తలుపు దూరడానికి కావలసిన ఖాళీ ముందే ఉంది. దారిలో అడ్డొచ్చే నిలువు చెక్కలు తీసేసి, తలుపు వెడల్పుకు రెండింతలూ మరో అంగుళమూ ఉండేలా చట్రం కట్టి, పైన బరువు మోయడానికి అడ్డదూలం పెడతారు. బార్న్ డోర్‌కే అక్కడ ఇబ్బంది. పట్టీలోని రంధ్రాలు నిలువు చెక్కల మీదికి సరిగ్గా రావు, ఉత్త జిప్సం బోర్డు బరువు మోయదు. అందుకని ముందు ఒక పొడవాటి పలకను నిలువు చెక్కలకు బిగించి, పట్టీని ఆ పలకకు బిగిస్తారు.

మన ఇళ్లకు వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. మన గోడ గట్టిది, నిండుగా ఉంటుంది. దాని మీద పట్టీ బిగించడం పైకి తేలిగ్గా కనిపిస్తుంది. దాని లోపల తలుపు దూర్చడమంటే మాత్రం గోడను కోయాల్సిందే. డల్లాస్‌లో కొడుకు ఇంట్లో పాకెట్ డోర్ చూసి వచ్చి, హైదరాబాద్ ఫ్లాట్‌లో అదే కావాలని అడిగే తల్లిదండ్రులకు ఇంటీరియర్ వాళ్లు ముందుగా చెప్పాల్సింది ఈ తేడా గురించే.

ఒక ఫ్లాట్‌ను తీసుకుని కొలతలతో చూద్దాం. పదిహేనేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్. కాంక్రీట్ స్తంభాలు, దూలాలు వేసి మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు కట్టారు. పడకగదిలో పెద్దాయన ఉంటారు. మోకాళ్ల ఆపరేషన్ తర్వాత వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. బాత్‌రూమ్ గుమ్మానికి గోడలో వదిలిన వెడల్పు 30 అంగుళాలు. అందులో రెండు వైపులా రెండున్నర అంగుళాల చొప్పున చెక్క దర్వాజా పోగా మిగిలింది 25. తలుపు పూర్తిగా తెరిచినా దాని మందం అడ్డొస్తుంది కాబట్టి నడవడానికి దొరికేది 24 అంగుళాల లోపే. మామూలు వాకర్ వెడల్పే ఇంచుమించు అంత ఉంటుంది. దాంతో ఆయన వాకర్‌ను గుమ్మం దగ్గరే వదిలేసి, గోడ పట్టుకుని తడినేల మీదికి వెళ్తున్నారు. పైగా తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఆయన లోపల తలుపుకు ఆనుకుని పడితే బయటివాళ్లు దాన్ని తెరవలేరు.

ఇక్కడ జరిపే తలుపు పెడితే నేల చోటుతో పాటు మరో లాభమూ ఉంది. జరిపే తలుపుకు దర్వాజా అక్కర్లేదు. చెక్క తీసేసి ఆ అంచులకు సన్నని గ్రానైట్ పలకలు అతికిస్తే 28 అంగుళాల దారి వస్తుంది.

గుమ్మానికి ఎడమవైపు 11 అంగుళాల గోడ, ఆ తర్వాత గోడకు కట్టిన బీరువా. కుడివైపు మూల వరకూ 44 అంగుళాల గోడ. తలుపు జరిగితే కుడివైపుకే జరగాలి. ఆ గోడ మీద, గుమ్మానికి 5 అంగుళాల దూరంలో గీజర్, లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్‌బోర్డు ఉంది. దాని వెనక, బాత్‌రూమ్ వైపు, అదే గోడలో షవర్ పైపులు దాగి ఉన్నాయి. మన ఫ్లాట్లలో బాత్‌రూమ్ గుమ్మం పక్క గోడ చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

ముందు బార్న్ డోర్ పెడదామనుకుందాం. ఈ తలుపు గుమ్మంలో కూర్చోదు, గోడ మీద నుంచి గుమ్మాన్ని కప్పుతుంది. కాబట్టి గుమ్మం కంటే పెద్దదిగా ఉండాలి. 28 అంగుళాల దారికి అటూ ఇటూ రెండేసి అంగుళాలు కలిపి 32 అంగుళాల తలుపు చేయిస్తాం. పట్టీ దానికి రెండింతలు, అంటే 64 అంగుళాలు. 6 అడుగుల పట్టీ కొంటే సరిపోతుంది. పూర్తిగా తెరవడానికి కుడివైపు 32 అంగుళాల గోడ నున్నగా, ఖాళీగా ఉండాలి. 44 ఉంది కాబట్టి కాగితం మీద చోటు చాలుతుంది.

అసలు చిక్కు ఆ 32 అంగుళాల్లో ఏముందన్నది. తలుపు తెరిచి ఉంటే స్విచ్‌బోర్డు దాని వెనక్కి పోతుంది. రాత్రి లేచిన మనిషి ముందు తలుపు తెరుస్తాడు, అంతటితో లైటు స్విచ్ కనబడకుండా పోతుంది. ఆ గోడ మీద ఫొటో, మేకు, టవల్ కొక్కెం ఏదీ ఇక ఉండటానికి వీల్లేదు. కింద స్కర్టింగ్ టైల్ గోడ కంటే 10 మిల్లీమీటర్లు ముందుకు ఉంటుంది. తలుపు దానికి రాసుకోకుండా పోవాలి. ఇంటీరియర్ బొమ్మల్లో స్కర్టింగ్ సరిగా కనబడదు. తలుపు బిగించిన రోజే అది గుర్తొస్తుంది. అప్పుడు చేసేదేమిటంటే పట్టీకీ గోడకూ మధ్య ఉండే స్పేసర్ గొట్టాలను పొడవు చేసి తలుపును ముందుకు జరపడం. దీనితో రాపిడి పోతుంది, కానీ బోల్టుల మీద భారం పెరుగుతుంది. ఎలా పెరుగుతుందో చూద్దాం.

ఈ తలుపు బరువు ఎంత? బాత్‌రూమ్ కాబట్టి నీటికి చెడని డబ్ల్యూపీసీ పలక తీసుకుందాం. 32 అంగుళాల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 30 మిల్లీమీటర్ల మందం. ఘనపు మీటరుకు 650 కిలోలని లెక్కేస్తే తలుపు 34 కిలోలు అవుతుంది. హ్యాంగర్లు, చక్రాలు, పిడి కలిపి 40 అనుకుందాం. అదే తలుపును 38 మిల్లీమీటర్ల టేకుతో చేయిస్తే చెక్కే 43 కిలోల దాకా తూగుతుంది. 10 మిల్లీమీటర్ల గాజైనా దాదాపు అంతే. చదరపు మీటరుకు 25 కిలోలు ఉంటుంది. పెట్టె మీద 100 కిలోలని రాసి ఉన్న సెట్టు కొన్నాం కదా, మనది 40 కిలోలే కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ 100 కిలోలు చక్రాలకూ పట్టీకీ ఇచ్చిన మాట. మీ గోడ సంగతి ఆ పెట్టె చేసినవాళ్లకు తెలియదు.

బోల్టు గోడలోకి నేరుగా వెళ్లి ఉంటుంది. బరువు మాత్రం గోడకు 35 మిల్లీమీటర్ల ముందు, చక్రం కింద వేలాడుతోంది. ఈ బరువు బోల్టును కిందికి నొక్కడంతో ఆగదు, గోడలోంచి ముందుకు పెరకాలని చూస్తుంది. స్పేసర్ గొట్టం కింది అంచు గోడకు ఆని తిరుగుడు కీలులా పనిచేస్తుంది. గొట్టం వ్యాసం 20 మిల్లీమీటర్లయితే ఆ అంచుకీ మధ్యలోని బోల్టుకీ దూరం 10 మిల్లీమీటర్లే. 40 కిలోలు 35 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, దాన్ని 10 మిల్లీమీటర్ల దూరం నుంచి ఆపాలంటే 140 కిలోల బలం కావాలి. రెండు చక్రాల దగ్గర పంచినా ఒక్కో చోట 70 కిలోల లాగుడు. ఇది స్థూలమైన లెక్కే. పట్టీ బిగువు వల్ల కొంత పక్క బోల్టులకు పంచుకుపోతుంది. కానీ తలుపు బరువుకు కొన్ని రెట్ల లాగుడు బోల్టు మీద పడుతుందన్నది మారదు. స్పేసర్‌ను ఇంకో 15 మిల్లీమీటర్లు పొడవు చేస్తే ఆ 140 కాస్తా 200 అవుతుంది. స్కర్టింగ్ టైల్ తప్పించడానికి చేసిన సర్దుబాటు బోల్టుల మీద ఇంత భారం పెడుతుంది.

ఈ లాగుడు గోడలో ఎక్కడ పడుతుందో చూడండి. గుమ్మం పైన కాంక్రీట్ లింటెల్ ఉంటుంది. సాధారణంగా అది గుమ్మానికి అటూ ఇటూ ఆరేసి అంగుళాలు గోడ మీదికి ఎక్కి ఆగిపోతుంది. తలుపు మూసి ఉన్నప్పుడు చక్రాలు రెండూ లింటెల్ మీదే ఉన్నాయి. కాంక్రీటుకు ఈ 40 కిలోలు లెక్కలోకి రావు. తలుపు తెరిచాం. మొదటి చక్రం గుమ్మం అంచు దాటి ఇంకా లింటెల్ కొస మీదే ఉంది. రెండోది మాత్రం గుమ్మానికి రెండు అడుగులకు పైగా దూరంలో, ఉత్త ఇటుక గోడ మీద ఉంది. సగం బరువును ఇప్పుడు మోస్తున్నది ప్లాస్టర్ వెనక ఉన్న నాలుగున్నర అంగుళాల ఇటుక, అందులో దిగిన ప్లాస్టిక్ ప్లగ్గు. పెద్దాయన ఉన్న ఇంట్లో ఈ తలుపు రోజంతా తెరిచే ఉంటుంది కూడా.

అందుకే గోడ దేనితో కట్టారన్నది మంచి కార్పెంటర్ ముందు తెలుసుకుంటాడు. చెప్పేవాళ్లు లేకపోతే డ్రిల్లింగ్ పొడి చెబుతుంది. మొదటి 12, 15 మిల్లీమీటర్లు బూడిద రంగు పొడి వస్తుంది. అది ప్లాస్టర్, దానికి పట్టు ఉండదు, ప్లగ్గు లోతు లెక్కలో దాన్ని కలపకూడదు. ఆ తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుక. బూడిద రంగు పొడే కొనసాగుతూ డ్రిల్లు మొండికేస్తే కాంక్రీటు. తెల్లని పొడి మెత్తగా, ధారగా రాలితే అది తేలికరకం ఏఏసీ బ్లాకు. కొంచెం దిగి ఒక్కసారిగా డ్రిల్లు లోపలికి జారిపోతే బోలు ఇటుక. నిండు ఇటుకలో 10 మిల్లీమీటర్ల పొడవాటి నైలాన్ ప్లగ్గు బాగా పట్టుకుంటుంది, అయితే రంధ్రం ఇటుక మధ్యలో పడాలి, సిమెంటు అతుకులో కాదు. ఏఏసీ బ్లాకులో హ్యామర్ ఆపేసి ఉత్త తిరుగుడుతోనే రంధ్రం చేయాలి, దానికోసమే తయారైన ప్లగ్గు వాడాలి. బోలు ఇటుకలో జాలీ గొట్టం పెట్టి రసాయన యాంకర్ పోయడం తప్ప వేరే దారిని నేను నమ్మను.

వీటన్నింటికంటే మేలైన ఉపాయం అమెరికావాళ్లు జిప్సం గోడ కోసం కనిపెట్టుకున్న ఆ పలకే. మన గోడకు అది అక్కర్లేదని షాపువాళ్లు అంటారు. నా మటుకు ఇటుక గోడకు అది మరింత అవసరం. 6 అంగుళాల వెడల్పు, 6 అడుగుల పొడవు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గట్టి చెక్క పలక తీసుకోండి. పట్టీ బోల్టులను పలక వెనక నుంచి నట్టు పెట్టి బిగించి, ఆ తర్వాత పలకను గోడకు బిగించండి. గోడ స్క్రూలు పలక పై అంచు దగ్గర పడాలి. ఇప్పుడు తిరుగుడు కీలు పలక కింది అంచు. దానికీ స్క్రూలకూ దూరం 10 మిల్లీమీటర్లు కాదు, 120. పలక మందం వల్ల తలుపు ఇంకాస్త ముందుకొచ్చి బరువు 60 మిల్లీమీటర్ల దూరంలో వేలాడినా, లాగుడు మొత్తం 20 కిలోలకు దిగుతుంది. పట్టీ రంధ్రాలు ఎక్కడున్నా సరే, గోడ స్క్రూలు మాత్రం మనకు నచ్చిన చోట, ఇటుక మధ్యలో వేసుకోవచ్చు. స్కర్టింగ్ టైల్ బాధ కూడా ఆ 20 మిల్లీమీటర్లతో తీరిపోతుంది.

ఇక పాకెట్ డోర్. ఈ ఇంట్లో కుడివైపు 44 అంగుళాల గోడ ఉంది, 30 అంగుళాల తలుపు దాక్కోవడానికి అది చాలు. కానీ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలో ఖాళీ లేదు. తలుపు మందం 30 మిల్లీమీటర్లు, అటూ ఇటూ పదేసి మిల్లీమీటర్లు వదిలితే 50. మిగిలిన మందంలో రెండు వైపులా ఇటుక పొర నిలబడదు. కాబట్టి అంత మేర గోడ తీసేసి, గుమ్మంతో కలిపి ఐదడుగులు దాటే కొత్త లింటెల్ వేసి, ఆ చోట లోహపు చట్రంతో, రెండు వైపులా బోర్డులతో బోలు గోడ కట్టాలి. బాత్‌రూమ్ వైపు బోర్డు మీద టైల్స్ అతకాలి, నీళ్లు పడాలి. ఈ ఇంట్లో అక్కడే షవర్ పైపులున్నాయి. తలుపు దాక్కునే గోడలో పైపు ఉండకూడదు, వైరు గొట్టం ఉండకూడదు, స్విచ్‌బోర్డు పెట్టె పట్టదు. ఆ గోడ మీద ఎవరైనా పొడవాటి స్క్రూ కొడితే అది లోపల జారే తలుపును గీరుతుంది. కాబట్టి గోడ కోసి చేసే పాకెట్ డోర్‌కు ఈ ఇంట్లో చోటు లేదు.

గోడ కోయడం గురించి ఇంకో హెచ్చరిక. ఈ ఇంట్లో ఇటుక గోడ దాని బరువే అది మోస్తుంది, పై అంతస్తు దాని మీద లేదు. పాత ఊళ్లలోని 9 అంగుళాల గోడల ఇళ్లలో స్లాబు ఆ గోడ మీదే కూర్చుని ఉంటుంది. అక్కడ స్లాబుకు ఊతం పెట్టకుండా, ఇంజనీరు చూడకుండా గోడ ముట్టుకోకూడదు. హైదరాబాద్‌లో ఇప్పుడొస్తున్న ఎత్తైన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి మైవాన్ షట్టరింగ్‌తో గోడలన్నీ కాంక్రీటుతోనే పోస్తున్నారు. ఆ గోడే భవనానికి ఎముక. దాన్ని కోసే మాటే లేదు. చిత్రమేమిటంటే అదే గోడ బార్న్ డోర్‌కు అన్నిటికంటే మంచిది. లింటెల్ ఎక్కడ ఆగిందన్న బెంగ లేకుండా పట్టీ పొడవునా ఎక్కడైనా యాంకర్ బోల్టు దింపవచ్చు.

మరి పాకెట్ ఆశ వదులుకోవాలా? అక్కర్లేదు. గోడను కోయకుండా గోడ ముందు ఇంకో పొర కట్టవచ్చు. ఇప్పుడున్న ఇటుక గోడ అలాగే ఉంటుంది. దానికి ముందు, పడకగది వైపు, 50 మిల్లీమీటర్ల సందు వదిలి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో తప్పుడు గోడ నిలబెడతారు. రంగు, ఫినిషింగ్ కలిపి గదిలోంచి పోయేది 3 అంగుళాలు. తలుపు ఆ సందులోకి జరుగుతుంది. పైపులు వాటి చోట అవి ఉంటాయి, బాత్‌రూమ్ టైల్స్ కదలవు. ట్రాక్ కోసం పైన ఇందాక చెప్పిన పలకనే ఇటుకకు బిగించి, దానికి ట్రాక్ బ్రాకెట్లు పెడతారు. తలుపు బరువును మోసేది ఆ పలకే. తప్పుడు గోడ మీద బరువు పడకూడదు. కొందరు పని తేలికని ట్రాక్‌ను ఆ ప్లైవుడ్ పొరకే బిగిస్తారు. కొన్నాళ్లకు ప్లైవుడ్ వంగుతుంది, సందు బిగుసుకుంటుంది, తలుపు లోపల రాసుకోవడం మొదలవుతుంది.

గుమ్మం అవతలి అంచున కూడా తలుపు ఆగేందుకు అదే మందంలో నిలువు పట్టీ ఒకటి కడతారు. దీనివల్ల బాత్‌రూమ్ తలుపుకు మరో మేలు ఉంది. బార్న్ డోర్‌కూ గోడకూ మధ్య చుట్టూ అర అంగుళం దాకా సందు ఉంటుంది. చప్పుడు, వాసన, ఆవిరి అందులోంచి వస్తాయి. బ్రష్ పట్టీలు అంటిస్తే తగ్గుతాయి గానీ పోవు. స్టోర్ రూమ్‌కో, చదువుకునే గదికో అది పట్టింపు కాదు. మంచం పక్కనే ఉన్న బాత్‌రూమ్‌కు పట్టింపే. తప్పుడు గోడ పద్ధతిలో తలుపు అంచు గాడిలో కూర్చుంటుంది కాబట్టి ఆ సందు చాలావరకు మూసుకుంటుంది.

పాకెట్ ట్రాక్ కొనేటప్పుడు బరువు ఎంత మోస్తుందన్నదానితో పాటు ఇంకొకటి తప్పకుండా అడగాలి. చక్రం పాడైతే దాన్ని బయటికి ఎలా తీస్తారు? కొన్ని ట్రాకుల్లో చక్రాలను గుమ్మం వైపు నుంచి విప్పి లాగేయవచ్చు. కొన్నింటిలో గోడ పగలగొట్టడం తప్ప దారి లేదు. బార్న్ డోర్ చక్రానికి ఈ సమస్య రాదు, అది ఎప్పుడూ కళ్లముందే ఉంటుంది. అందుకే పాకెట్‌కు తలుపు బరువుకు సరిగ్గా సరిపోయే ట్రాక్ కాకుండా దాదాపు రెండింతలు మోసేది తీసుకోవడం మంచిది. మన 30 అంగుళాల తలుపు 32 కిలోలు ఉంటే 60 కిలోల ట్రాక్, వీలైతే 80ది. అయితే మెల్లగా మూసుకునే సాఫ్ట్ క్లోజ్ పరికరం కూడా కావాలనుకుంటే దాని విషయంలో ఈ సూత్రం పనికిరాదు. దానికి కనీస బరువు, గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. బరువైన తలుపుల కోసం చేసింది తేలిక తలుపుకు పెడితే చివరి రెండు అంగుళాల్లో తలుపు బిగుసుకుపోయి, గట్టిగా లాగితే గానీ కదలదు. వాకర్ పట్టుకున్న మనిషికి అది ఇబ్బంది. అమెరికాలో వికలాంగుల సౌకర్యం కోసం పెట్టిన నియమాల్లో లోపలి జరిపే తలుపును కదిలించడానికి 5 పౌండ్ల బలం మించి అక్కర్లేకుండా ఉండాలన్నారు. అంటే రెండుంపావు కిలోలు. వంటింటి స్ప్రింగ్ త్రాసును పిడికి తగిలించి లాగి చూస్తే మన తలుపు ఎక్కడుందో తెలిసిపోతుంది.

అదే నియమాల్లో ఇంకో మాట ఉంది. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు కూడా పిడి రెండు వైపుల నుంచీ చేతికి అందాలి. ఇది చదివితే చిన్న విషయంలా ఉంటుంది, దారి వెడల్పు దీని మీదే ఆధారపడుతుంది. తలుపు మొత్తం గోడలోకి పోతే దాన్ని బయటికి లాగడానికి అంచులో చిన్న కొక్కెం పెడతారు. కీళ్లనొప్పులున్న వేళ్లకు ఆ కొక్కెం అందదు. బార్న్ డోర్‌లోనూ ఇదే ఇబ్బంది వేరే రూపంలో ఉంది. గోడ వైపు పిడి పొడుచుకు రాకూడదు, లోపలికి తొలిచిన గుంట పిడే పెట్టాలి, తలుపు పూర్తిగా తెరిస్తే అది కాస్తా గోడ వెనక్కి పోతుంది. కాబట్టి రెండింట్లోనూ తలుపును పూర్తిగా పోనివ్వకుండా, పిడి ఉన్న రెండు మూడు అంగుళాలు గుమ్మంలో మిగిలేలా స్టాపర్ పెట్టాలి. అప్పుడు మన 28 అంగుళాల దారి 25, 26 అవుతుంది. ఈ ఇంట్లో వాకర్‌కు అది చాలు. చక్రాల కుర్చీకి చాలదు. ఆ అవసరం వచ్చే సూచన ఉంటే ఇప్పుడే గుమ్మాన్ని వెడల్పు చేయించడం మేలు.

గడియ విషయంలో మామూలు బోల్టు పనికిరాదు. జరిపే తలుపుకు కొక్కెం తిరిగి పట్టుకునే హుక్ లాక్ కావాలి. బయటివైపు నాణెంతో తిప్పి తెరవగలిగే గాడి ఉన్నది తీసుకోవాలి. కింద గైడ్ కోసం బాత్‌రూమ్ గడప గ్రానైట్‌లో రంధ్రం చేయనివ్వకండి, వాటర్‌ప్రూఫింగ్ అక్కడే చెడుతుంది. గోడకు బిగించే గైడ్‌లు దొరుకుతాయి.

ఈ ఇంటికి నేనైతే గోడ ముందు కట్టే పాకెట్‌నే ఎంచుకుంటాను. స్విచ్‌బోర్డును ఎడమవైపు 11 అంగుళాల గోడ మీదికి మారుస్తాను. తలుపు ఆగే నిలువు పట్టీ కొంత తీసుకున్నా అక్కడ బోర్డుకు చోటు మిగులుతుంది. మూడు అంగుళాల గది పోయినందుకు చప్పుడు లేని, సందు లేని తలుపు వస్తుంది. అదే గుమ్మం స్టోర్ రూమ్‌దో వంటింటిదో అయితే పలక వేసి బార్న్ డోర్ పెడతాను. పని రెండు రోజుల్లో అయిపోతుంది, ఏది పాడైనా స్టూల్ ఎక్కి చూసుకోవచ్చు. ఇంకా గోడలు లేవని కొత్త ఇల్లయితే ముందే మేస్త్రీకి చెప్పి ఆ ఒక్క గోడ దగ్గర లింటెల్‌ను ఆరు అంగుళాల దగ్గర ఆపకుండా, తలుపు జరిగే మేర రెండున్నర, మూడు అడుగులు పొడిగించమంటాను. కొంచెం కాంక్రీటు, నాలుగు కడ్డీల ఖర్చు. ఆ తర్వాత బార్న్ అయినా పాకెట్ అయినా బరువు కాంక్రీటు మీదే ఉంటుంది.

బిగించాక మొదటి కొన్ని నెలలు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. తలుపును సగంలో వదిలేస్తే అక్కడే ఆగాలి. దానంతట అది ఒకవైపుకు దొర్లితే పట్టీ ఆ వైపు వాలి ఉందన్నమాట. అది మొదటిరోజు నుంచీ ఉంటే బిగించడంలో తేడా. కొత్తగా మొదలైతే ఆ వైపు బోల్టులు వదులవుతున్నాయి. తలుపు తెరిచి ఉంచి, చివరి బోల్టు చుట్టూ ప్లాస్టర్‌ను టార్చి వేసి చూడండి. పైన వెంట్రుకంత సందు, కింద స్పేసర్ ప్లాస్టర్‌లోకి నొక్కుకున్న గుర్తు కనిపిస్తే అది గోడలోంచి వస్తున్న బోల్టు. నట్టు ఇంకో చుట్టు బిగిస్తే సరిపోదు, ప్లగ్గు అప్పటికే పట్టు వదిలేసింది. తలుపు దించి, ఆ రంధ్రం వదిలేసి, పలక వేసి వేరే చోట బిగించాలి. పాకెట్ తలుపులో అయితే చెవి పెట్టి వినాలి. జరిపిన ప్రతిసారీ ఒకే చోట గీరుడు వినబడితే తలుపు వంకర తిరిగిందో, గోడలోకి ఎవరో స్క్రూ కొట్టారో చూడాలి. తలుపు పైఅంచుకూ ట్రాక్‌కూ మధ్య సందు రెండు కొసల్లో వేర్వేరుగా ఉంటే ఒక హ్యాంగర్ నట్టు జారింది. దాన్ని గుమ్మం దగ్గరకు లాగి స్పానర్‌తో తిప్పితే ఐదు నిమిషాల్లో సరిపోతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే చక్రం ఒకవైపే అరిగి, గోడ విప్పే పని పడుతుంది.